ఎక్స్ తేదీ రాగానే పట్టిక సగం ఎరుపెక్కుతోంది: డివిడెండ్ తగ్గుదలను అసలు పతనం నుంచి విడదీయడం ఎలా?

కొండగాలి
నా హోల్డింగ్స్ పట్టికలో ముప్పైకి పైగా షేర్లు ఉన్నాయి. ప్రతి వరుసలోనూ ఎక్స్ తేదీ, ఒక్కో షేరుకు ప్రకటించిన డివిడెండ్, చెల్లింపు తేదీ, నా దగ్గరున్న షేర్ల సంఖ్య రాసి పెట్టుకున్నాను. ఎక్స్ తేదీ వారం రోజుల లోపుకు వస్తే ఆ వరుస పసుపు రంగులోకి మారుతుంది. ముందు రోజు ముగింపు ధర కంటే ఒక శాతానికి మించి పడితే ఎరుపు రంగులోకి మారుతుంది. డివిడెండ్ల కాలం మొదలైతే చాలు, ఎర్ర వరుసలు గుంపుగా వచ్చి పడుతున్నాయి. వాటిలో ఏది డివిడెండ్ వల్ల వచ్చిన తగ్గుదలో, ఏది నిజంగా కంగారు పడవలసిన పతనమో పట్టిక చెప్పడం లేదు. ధర డివిడెండ్ మేరకు తగ్గుతుందని అందరూ అంటారు కానీ, నేను గమనించిన ఏ షేరూ సరిగ్గా అంతే పడలేదు, కొన్నయితే ఆ రోజే పెరిగాయి. "ఊహించిన తగ్గుదల" అనే గడిలో నేను ఏ అంకె వేయాలి?

రొక్కం_రాజు
ఎక్స్ తేదీకి ముందు రోజు కొని, మర్నాడు ఉదయమే అమ్మేస్తే డివిడెండ్ చేతికి వస్తుంది కదా. తగ్గుదల డివిడెండ్ కంటే తక్కువగా ఉన్న షేర్లను మీ పట్టిక నుంచి ఏరి ఇక్కడ పెడితే అందరికీ ఉపయోగంగా ఉంటుంది.

కొండగాలి
నేను అడిగింది అది కాదు. ఈ షేర్లు నా దగ్గర ఏళ్ల తరబడి ఉన్నవి, అమ్మే ఉద్దేశం లేదు. హెచ్చరికలు సరిగ్గా రావాలన్నదే నా ప్రశ్న.

పాతకాపు
ముందు తేదీలు సరిచూసుకోండి. రికార్డు తేదీకి ఒక పని దినం ముందు వచ్చేదే ఎక్స్ తేదీ. కంపెనీ ప్రకటనలో రికార్డు తేదీ ఉంటుంది, దాని నుంచి ఒక రోజు తీసేస్తే సరిపోతుంది. నేను ఎన్నో ఏళ్లుగా ఇలాగే లెక్కిస్తున్నాను.

లెక్కలపంతులు
పాతకాపు గారు చెప్పిన సూత్రం సెటిల్‌మెంట్‌కు రెండు రోజులు పట్టే మార్కెట్లలో సరైనదే, కానీ ఇప్పుడు అన్నిచోట్లా అలా లేదు. కొన్న మర్నాటికే షేర్లు ఖాతాలో చేరే పద్ధతి భారతదేశంలో 2023 జనవరి 27 నాటికి పూర్తిగా అమలులోకి వచ్చింది, అమెరికాలో 2024 మే 28న వచ్చింది. అటువంటి చోట ఎక్స్ తేదీ, రికార్డు తేదీ సాధారణంగా ఒకటే రోజు. లండన్ మార్కెట్ ఇంకా రెండు రోజుల పద్ధతిలోనే ఉంది కాబట్టి అక్కడ ఎక్స్ తేదీ ఒక రోజు ముందే వస్తుంది. అక్కడ కూడా 2027 అక్టోబరు 11న మారాలని నిర్ణయించారు. అందుకే ఒక తేదీ నుంచి మరో తేదీని లెక్కగట్టకుండా, ఎక్స్ తేదీని ఎక్స్ఛేంజీ ప్రకటన నుంచే నేరుగా తీసుకోవడం మంచిది.

మీ పసుపు హెచ్చరిక కూడా నాకు అంత ఉపయోగకరంగా అనిపించలేదు. వారం ముందు మీరు చేయవలసింది ఏమీ లేదు. డివిడెండ్ హక్కుతో షేరు చేతులు మారే ఆఖరి రోజు, అంటే ఎక్స్ తేదీకి ముందున్న చివరి ట్రేడింగ్ రోజు ఏదో పట్టిక చెప్పాలి. సోమవారం ఎక్స్ తేదీ అయితే ఆ ఆఖరి రోజు శుక్రవారం, శుక్రవారం సెలవైతే గురువారం. ఎక్స్ తేదీ B2 లో ఉంటే, ఆ మార్కెట్ సెలవుల జాబితాకు Holidays అని పేరు పెట్టుకుని ఇలా రాయవచ్చు.

```
=WORKDAY(B2,-1,Holidays)
```

తగ్గుదల గురించి విడిగా రాస్తాను, అది కొంచెం పెద్ద సంగతి.

పాతకాపు
అదీ నిజమే. నా పట్టికలో భారత షేర్లకు ఒక రోజు ముందే హెచ్చరిక వస్తుండడానికి కారణం ఇప్పుడు తెలిసింది. ఆలస్యంగా రాలేదు కాబట్టి నష్టమేమీ జరగలేదు.

నిదానమే_ప్రధానం
ముప్పై షేర్లు ఏ దేశంలో ఉంటే ఆ దేశపు సెలవుల జాబితా వాడాలన్న మాట. నేను ఒకే జాబితా పెట్టుకున్నవాళ్లను చూశాను. ఒక దేశంలో పండగ వస్తే మరో దేశపు షేరుకు కూడా సెలవు ఇచ్చేసే దయగల పట్టికలవి.

లెక్కలపంతులు
ఇప్పుడు తగ్గుదల. కొండగాలి గారి ఎరుపు హెచ్చరికలో అసలు లోపం ఏమిటంటే అది రెండు వేర్వేరు వస్తువుల ధరలను పోలుస్తోంది. ముందు రోజు ముగింపు ధరలో రాబోయే డివిడెండ్ కలిసి ఉంటుంది, ఎక్స్ తేదీ ధరలో అది ఉండదు. పోల్చే ముందు మొదటి దాని నుంచి డివిడెండ్‌ను తీసేయాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆఖరి రోజు ముగింపు ధర 640, డివిడెండ్ 16 అనుకోండి. ఎక్స్ తేదీన షేరు 631 వద్ద ముగిసింది. మీ పట్టిక 640 తో పోల్చి 1.4 శాతం పతనం అని ఎరుపు చూపిస్తుంది. కానీ పోల్చవలసిన ధర 640 నుంచి 16 తీసేసిన 624. దానితో పోలిస్తే షేరు 1.1 శాతం పెరిగింది. షేరు పెరిగిన రోజే మీ పట్టిక పడిందని చెప్పింది. B2 లో ఎక్స్ తేదీ, C2 లో డివిడెండ్, D2 లో ముందు రోజు ముగింపు, E2 లో ప్రస్తుత ధర ఉంటే సూత్రం ఇది.

```
=E2/(D2-IF(B2=TODAY(),C2,0))-1
```

ఎరుపు రంగు నిబంధనను ఈ గడికి తగిలిస్తే మీ అబద్ధపు హెచ్చరికలు చాలావరకు పోతాయి.

మీరు అడిగిన రెండో సంగతి, సరిగ్గా డివిడెండ్ అంత ఎందుకు పడలేదన్నది. పై ఉదాహరణలో షేరు 9 మాత్రమే పడింది. కానీ ఆ రోజు మార్కెట్ మొత్తం 0.8 శాతం పెరిగిందనుకోండి, ఈ షేరు కూడా మార్కెట్‌తో సమానంగా కదిలే రకం అనుకోండి. డివిడెండ్ లేకపోతే అది 645 దాటి ఉండేది. అక్కడి నుంచి 631 కి వచ్చిందంటే డివిడెండ్ వల్ల వచ్చిన తగ్గుదల 14 చిల్లర, అంటే 16 లో 88 శాతం. కంటికి కనిపించిన 9 కి, అసలు తగ్గుదలకు మధ్య తేడా అంతా ఆ రోజు మార్కెట్ గాలిదే.

కొండగాలి
ఇది వెంటనే అర్థమైంది. సూత్రంలో TODAY() బదులు ఆయా తేదీలు పెట్టి చూశాను, గత వారపు ఎర్ర వరుసల్లో ఒక్కటే మిగిలింది. అది నిజంగానే పడింది, ఫలితాలు బాగా లేవు. మరి "ఊహించిన తగ్గుదల" గడిలో ఆ 88 శాతం వేయాలా, లేక పూర్తి డివిడెండ్ వేయాలా?

పన్ను_పురాణం
88 కూడా ఎక్కువే. డివిడెండ్ మీద పన్ను పడుతుంది కాబట్టి పన్ను పోను మిగిలే మొత్తం మేరకే ధర తగ్గుతుంది. 1970 లోనే ఎల్టన్, గ్రూబర్ అనే ఆర్థికవేత్తలు ఈ వివరణ ఇచ్చారు. మీరు ఎంత పన్ను కడతారో చూసుకుని ఆ మేరకు తగ్గించి గడిలో వేయండి.

లెక్కలపంతులు
పన్ను_పురాణం గారి మాటలో సగం నిజం ఉంది. సగటున తగ్గుదల డివిడెండ్ కంటే కొంత తక్కువగా ఉంటుందన్నది అనేక మార్కెట్లలో కనిపించిన సంగతే, పన్ను దానికి ఒక కారణమని వారు చెప్పినదీ నిజమే. అయితే రెండు చిక్కులు ఉన్నాయి. మొదటిది, అక్కడ లెక్కలోకి వచ్చేది ఆ రోజు ధరను నిర్ణయించేవారి పన్ను, మీ పన్ను కాదు. పైగా వాళ్లు చూసేది డివిడెండ్ మీద పన్నుకూ అమ్మకపు లాభం మీద పన్నుకూ ఉన్న తేడాను, డివిడెండ్ పన్నును ఒక్కదాన్నే కాదు. రెండోది, డివిడెండ్ మీదా అమ్మకపు లాభం మీదా పన్ను లేని హాంకాంగ్ మార్కెట్‌ను పరిశీలించి 1998 లో వచ్చిన అధ్యయనంలో తగ్గుదల సగటున డివిడెండ్‌లో సగమే ఉంది. అక్కడ పన్ను అనే మాటే లేదు. కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య ఉండే అంతరమే అందుకు కారణమని ఆ పరిశోధకులు అన్నారు.

పన్ను_పురాణం
హాంకాంగ్‌లో వేరే కారణం ఉంటే మిగతా చోట్ల పన్ను కారణం కాకుండా పోదు కదా. పన్ను ఎక్కువగా కట్టేవాళ్లు ఎక్స్ తేదీకి ముందే అమ్ముకుంటారు, తక్కువ కట్టేవాళ్లు కొంటారు, ఆ ఒత్తిడి ధరలో కనిపిస్తుంది. నేను నా మాట మీదే ఉన్నాను.

లెక్కలపంతులు
ఉండండి, అది ఇక్కడ తేలే వాదన కాదు. పట్టిక వరకు అయితే ఆ వాదన తేలకపోయినా పని జరుగుతుంది, ఎందుకో చెబుతాను.

చాలా షేర్లలో డివిడెండ్ ఆ షేరు రోజువారీ కదలిక కంటే చిన్నది. ధర 250, డివిడెండ్ 1 అయిన ఒక షేరు మామూలు రోజుల్లో 1.6 శాతం, అంటే 4 అటూ ఇటూ ఊగుతుందనుకోండి. అక్కడ 1 తగ్గినా, 0.8 తగ్గినా, అసలు తగ్గకపోయినా ఒక్క రోజు ధరను చూసి ఎవరూ చెప్పలేరు. తగ్గుదల డివిడెండ్‌లో ఎంత వంతో ఆ నిష్పత్తిని ఆ షేరు చరిత్ర నుంచే కనుక్కుందామన్నా, ఏడాదికి నాలుగు డివిడెండ్లు ఇచ్చే షేరుకు ఆ నిష్పత్తిలోని పొరపాటును 4 నుంచి 0.5 కి తగ్గించడానికే అరవై నాలుగు డివిడెండ్లు కావాలి. అది పదహారేళ్ల డేటా, ఆ లోపు కంపెనీయే మారిపోతుంది. అదే 640 ధర మీద 16 డివిడెండ్ ఇచ్చే షేరులో డివిడెండ్ 2.5 శాతం, రోజువారీ ఊపు 1.5 శాతం అయితే తగ్గుదల కంటికి కనిపిస్తుంది.

కాబట్టి నా పట్టికలో "ఊహించిన తగ్గుదల" గడిలో పూర్తి డివిడెండే వేస్తాను, దాని పక్కన మరో గడిలో డివిడెండ్ శాతాన్ని రోజువారీ ఊపుతో భాగించి పెడతాను. మొదటి షేరుకు అది 0.25, రెండో దానికి 1.7. ఒకటి దాటిన వరుసలకే "ధర తగ్గుదల కనిపించవచ్చు" అని రాయిస్తాను. మిగతావాటికి చెల్లింపు గురించే చెబుతాను. ఒకటి అన్న హద్దు నేను పెట్టుకున్నదే, మీరు 0.7 పెట్టుకున్నా తప్పు కాదు.

నిదానమే_ప్రధానం
పదహారేళ్లు ఆగి నిష్పత్తి కనుక్కున్నాక దానితో ఏం చేస్తామో కూడా ఎవరైనా చెబితే బాగుండును.

చిన్నకోడు
గత డివిడెండ్ల తగ్గుదలను నేను డేటా తెచ్చుకుని లెక్కేశాను. పన్నెండు షేర్లకు సగటు నిష్పత్తి దాదాపు సున్నా వచ్చింది. అంటే తగ్గుదల అనేదే లేదని అర్థమా? పైన మీరందరూ లేని దాని గురించి వాదించుకుంటున్నారని నాకు అనుమానంగా ఉంది.

లెక్కలపంతులు
మీరు తెచ్చుకున్నది సర్దుబాటు చేసిన ముగింపు ధరలా? అలాంటి వరుసలో డివిడెండ్‌ను పాత ధరల నుంచి ముందే తీసేసి ఉంచుతారు, కాబట్టి తగ్గుదల కనిపించకుండా పోవడం సహజమే.

చిన్నకోడు
yfinance తో తెచ్చాను, ప్రత్యేకంగా ఏమీ మార్చలేదు.

లెక్కలపంతులు
అదే కారణం. అందులో సర్దుబాటు అడగకుండానే జరుగుతుంది. ఇలా తెచ్చుకుంటే Close లో డివిడెండ్ సర్దుబాటు లేని ధర వస్తుంది.

```
h = yf.Ticker(t).history(period="5y", auto_adjust=False)
```

అక్కడ షేరు విభజనల సర్దుబాటు మాత్రం అలాగే ఉంటుంది, మనకు కావలసిందీ అదే. గుర్తు పట్టే చిన్న ఉపాయం ఒకటి ఉంది: పెద్ద డివిడెండ్ ఇచ్చిన, ఆ తర్వాత షేరు విభజన జరగని ఏదైనా ఒక రోజును తీసుకుని, ముందు రోజు ధరను ఆ నాటి ఎక్స్ఛేంజీ రికార్డుతో పోల్చండి. సరిపోలకపోతే మీ చేతిలో ఉన్నది సర్దుబాటు ధర.

చిన్నకోడు
మార్చి చూశాను. ఇప్పుడు సగటు 0.8 దగ్గర వచ్చింది, కానీ ఒక షేరుకు మైనస్ 3, ఇంకో దానికి ప్లస్ 5 వచ్చాయి. ఇప్పుడు మీరు చెప్పిన ఊపు సంగతి అర్థమవుతోంది. ఆ రెండూ చిన్న డివిడెండ్ షేర్లే.

పన్ను_పురాణం
0.8 వచ్చిందన్న మాటను అందరూ గమనించగలరు.

లెక్కలపంతులు
మైనస్ 3 నూ, ప్లస్ 5 నూ కలిపి తీసిన సగటు అది, పురాణం గారూ.

సముద్రతీరం
తగ్గుదల గురించి ఇంత చర్చ జరిగింది కానీ స్టాప్ లాస్ మాట ఎవరూ ఎత్తలేదు. నా దగ్గర ఒక షేరుకు 3 శాతం కింద స్టాప్ పెట్టి ఉంది. ఎక్స్ తేదీన డివిడెండ్ వల్లే ధర రెండున్నర శాతం తగ్గి మొదలైంది, ఆపైన మామూలు ఊపుకే స్టాప్ తగిలి షేరు అమ్ముడుపోయింది. డివిడెండ్ వచ్చింది, షేరు పోయింది. నాకు ఆ షేరు ఉంచుకోవాలని ఉంది. అలాంటి ఆర్డర్లను బ్రోకరే దించుతాడని నేను ఎక్కడో చదివాను, మరి దించలేదు.

లెక్కలపంతులు
మీరు చదివింది అమెరికా సంగతి అయి ఉంటుంది. అక్కడ ఫిన్రా 5330 నిబంధన ప్రకారం పెండింగ్‌లో ఉన్న కొనుగోలు లిమిట్ ఆర్డర్లనూ, అమ్మకపు స్టాప్ ఆర్డర్లనూ ఎక్స్ తేదీన డివిడెండ్ మేరకు దించుతారు. దించవద్దని ఆర్డర్ పెట్టేటప్పుడే చెబితే వదిలేస్తారు. అమ్మకపు లిమిట్‌ను, కొనుగోలు స్టాప్‌ను ముట్టుకోరు. మిగతా మార్కెట్లలో ఇదే జరుగుతుందని అనుకోకూడదు, అక్కడ మీ బ్రోకరు నియమాలే ప్రమాణం. కాబట్టి పట్టికలో స్టాప్ ధరకు ఒక గడి పెట్టి, ఆఖరి రోజు ముగిశాక స్టాప్ నుంచి డివిడెండ్ తీసేసిన కొత్త ధరను కూడా చూపించేలా చేసుకుంటే మర్నాడు మార్కెట్ తెరవకముందే చేత్తో మార్చుకోవచ్చు.

సముద్రతీరం
అంటే హెచ్చరిక ఎక్స్ తేదీ ఉదయం కాదు, ముందు రోజు సాయంత్రమే రావాలి. ఆ కోణంలో ఆఖరి రోజు గడికి ఇంకో ఉపయోగం దొరికింది.

పాతకాపు
ఇంకో సంగతి. మార్కెట్ వెబ్‌సైటే ముందు రోజు ధరను డివిడెండ్ తీసేసి చూపిస్తే అప్పుడు రెండుసార్లు తీసేసినట్టు అవుతుంది. తైవాన్ షేర్లు ఉన్న ఒక మిత్రుడి పట్టికలో ఎక్స్ తేదీన అన్నీ ఒక్కసారిగా పెరిగినట్టు కనిపించడం నేను చూశాను.

లెక్కలపంతులు
చాలా మంచి మాట. తైవాన్‌లోనూ చైనా ప్రధాన భూభాగంలోనూ ఎక్స్ఛేంజీ స్వయంగా ప్రారంభ ప్రామాణిక ధరను తగ్గించి ప్రకటిస్తుంది. అటువంటి షేర్లకు మన సూత్రంలో D2 లోకి ముందు రోజు అసలు ముగింపు ధరే రావాలి, తెర మీద కనిపించే ప్రామాణిక ధర కాదు.

కొండగాలి
చెల్లింపుల గడిలో కూడా ఒక చిక్కు కనిపిస్తోంది. షేర్ల సంఖ్యను డివిడెండ్‌తో గుణించి "రావలసిన మొత్తం" చూపిస్తున్నాను. ఎక్స్ తేదీ తర్వాత కొన్ని షేర్లు అమ్మితే ఆ మొత్తం తగ్గిపోతోంది, అన్నీ అమ్మితే సున్నా అవుతోంది.

నిదానమే_ప్రధానం
ఆఖరి రోజు ముగిసే సమయానికి మీ దగ్గర ఎన్ని షేర్లు ఉన్నాయో అన్నింటికీ డివిడెండ్ మీదే. ఎక్స్ తేదీన అమ్మినా చెల్లింపు మీకే వస్తుంది. ఆ సంఖ్యను ఆ రోజు సాయంత్రం వేరే షీట్‌లో విలువగా అతికించి, చెల్లింపు తేదీ వరకు కదలకుండా ఉంచండి. నేను చేసేది ఇదే. బ్యాంకులో పడే మొత్తం అందులో పన్ను కోత ఉంటే అది పోను ఉంటుంది కాబట్టి రెండు గడులు పెడితే తర్వాత సరిపోల్చుకోవడం తేలిక.

చిన్నకోడు
నేను తేదీలను డేటా సేవ నుంచి నేరుగా తెచ్చుకుంటున్నాను. వచ్చే త్రైమాసికపు ఎక్స్ తేదీ కూడా అందులో ముందే ఉంది, చాలా సౌకర్యంగా ఉంది.

పాతకాపు
బోర్డు సమావేశమే జరగకుండా తేదీ ఎక్కడి నుంచి వచ్చింది? గత ఏడాది తేదీకి ఏడాది కలిపి వేసి ఉంటారు. కంపెనీ డివిడెండ్ ఇవ్వకపోతే, తగ్గిస్తే మీ పట్టిక లేని డబ్బును చూపిస్తుంది. అలాంటివి నేను అసలు పట్టికలోకే రానివ్వను.

చిన్నకోడు
వచ్చే మూడు నెలల్లో దాదాపు ఎంత వస్తుందో తెలియాలంటే అంచనాలు కూడా కావాలి కదా. అన్నీ తీసేస్తే పట్టిక సగం రోజులు ఖాళీగా ఉంటుంది.

లెక్కలపంతులు
ఇద్దరిదీ వేర్వేరు అవసరం. అంచనా తేదీ, ప్రకటించిన తేదీ అని ఒక గడిలో గుర్తు పెట్టి, ధర హెచ్చరికలూ స్టాప్ లెక్కా ప్రకటించినవాటికే పనిచేసేలా చేస్తాను నేను. నగదు అంచనాలో రెండూ కలిపి చూడవచ్చు. ప్రకటించిన తేదీ కూడా మారిన సందర్భాలు ఉంటాయి కాబట్టి ఆఖరి రోజు ఉదయం ఎక్స్ఛేంజీ ప్రకటనతో ఒకసారి సరిచూడటం మానకండి.

పాతకాపు
నేను మాత్రం అంచనాలు రానివ్వను.

సముద్రతీరం
ప్రత్యేక డివిడెండ్ ఒకటి ప్రకటించారు, షేరు ధరలో మూడో వంతు ఉంటుంది. అమెరికా షేరు. ఎక్స్ తేదీ చెల్లింపు తేదీ తర్వాత వస్తోందని చూపిస్తోంది. ఇది డేటాలో తప్పా?

లెక్కలపంతులు
తప్పు కాదు. అక్కడ డివిడెండ్ షేరు విలువలో 25 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఎక్స్ తేదీని చెల్లింపు తేదీ తర్వాతి పని దినానికి జరుపుతారు. రికార్డు తేదీ తర్వాత, ఎక్స్ తేదీకి ముందు అమ్మినవాళ్లు ఆ డివిడెండ్ హక్కును కొన్నవారికి బదిలీ చేయవలసి ఉంటుంది. కాబట్టి ఆ మధ్యలో మీరు అమ్మితే రికార్డు తేదీన మీ పేరు ఉన్నా డబ్బు మీది కాదు. నిదానమే_ప్రధానం గారి పద్ధతిలో షేర్ల సంఖ్యను ఎక్స్ తేదీకి ముందు రోజే తీసుకుంటే ఈ సందర్భంలో కూడా లెక్క తప్పదు. పాతకాపు గారి పద్ధతిలో రికార్డు తేదీ నుంచి వెనక్కి వెళ్తే తప్పుతుంది.

పాతకాపు
నా పేరు లేకుండా ఈ చర్చ ముందుకు సాగేటట్టు లేదు.

కొండగాలి
ఆఖరి రోజు గడి, సవరించిన శాతం గడి, స్టాప్ గడి, స్థిరంగా ఉంచిన సంఖ్యల షీట్ పెట్టాను. ఒకటి మాత్రం తేలలేదు. నా పట్టికలో లండన్ షేరు ఒకటి ఉంది, కంపెనీ డివిడెండ్‌ను డాలర్లలో ప్రకటించింది, ధర పెన్నీలలో ఉంటుంది. పెన్నీలలో ఎంత వస్తుందో ఎక్స్ తేదీ తర్వాతే చెబుతామని ప్రకటనలో ఉంది. అప్పుడు C2 లో ఏం వేయాలి?

లెక్కలపంతులు
ఆఖరి రోజు మారకపు రేటుతో పెన్నీలలోకి మార్చి వేయండి, ధర హెచ్చరికకు అది చాలు. చెల్లింపు షీట్‌లో మాత్రం కంపెనీ అంకె ప్రకటించే వరకు అంచనా అనే గుర్తు ఉంచండి. డాలర్ల అంకెను మార్చకుండా C2 లో వేస్తే అర డాలరు డివిడెండ్‌కు ధర నుంచి అర పెన్నీ మాత్రమే తీసేసినట్టవుతుంది, ఆ వరుస మళ్లీ ఎర్రబడుతుంది.

చిన్నకోడు
మారకపు రేటును ఏ రోజుది తీసుకోవాలన్నది కంపెనీకి కంపెనీకీ మారుతుందా?

లెక్కలపంతులు
మారుతుంది. డివిడెండ్ ప్రకటనలోనే అది రాసి ఉంటుంది, ఆ తేదీకి కూడా ఒక గడి పెట్టుకోండి.